పూర్తిగా చచ్చిపోయిన ఫోను ఏ చార్జరుకీ పలకకపోతే: ఎంతసేపు ఆగాలి, ఏ వరసలో ఏం చేయాలి

గుజరాత్‌లోని వేరావల్ వైపు చేపల వేటకెళ్ళినవాళ్ళు వేసవిలో ఊళ్ళకి తిరిగొచ్చే రోజుల్లో నన్ను అందరూ అడిగేది ఒక్కటే. "ఇంట్లో పెట్టెలో పెట్టి వెళ్ళిన సెల్లు లేవటం లేదు, ఏ చార్జరు పెట్టినా ఉలుకూ పలుకూ లేదు, పోయినట్టేనా?" తుపాను వచ్చి నాలుగైదు రోజులు కరెంటు లేనప్పుడూ ఇదే ప్రశ్న. 2018లో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో ఎన్ని ఫోన్లు ఇలా పడుకున్నాయో లెక్కలేదు.

కింద పడలేదు, నీళ్ళలో తడవలేదు, చార్జింగ్ మొత్తం అయిపోయి అలా ఉండిపోయింది అంతే అనుకుంటే, చాలాసార్లు ఫోను పోలేదు. దానికి ఇవ్వాల్సిన సమయం మనం ఇవ్వలేదు. ఈ వ్యాసం ఆ ఒక్క పరిస్థితి గురించే. తడిసిన ఫోనుకి, పడి పగిలిన ఫోనుకి ఇది పనికిరాదు.

## 1. ముందు చచ్చింది ఫోనా, తెరా?

ఇది అర నిమిషం పని. వేరే ఫోను నుంచి ఆ నంబరుకి కాల్ చేయండి. రింగ్ వెళ్తుంటే ఫోను బతికే ఉంది, పోయింది తెర. "స్విచాఫ్" అని వస్తే ముందుకి వెళ్ళండి. సిమ్ లేని ఫోనైతే చార్జరు పెట్టినప్పుడు చిన్న వణుకు గానీ, టింగుమనే శబ్దం గానీ వస్తుందేమో చెవి పెట్టి వినండి. అది వచ్చిందంటే కూడా అనుమానం తెర మీదే.

## 2. గంటసేపు ఏమీ కనబడకపోవడం ఎందుకు మామూలే

ఫోను 0 శాతం చూపించి ఆగిపోయినప్పుడు బ్యాటరీ నిజంగా ఖాళీ కాదు. అప్పటికి దానిలో సుమారు 3.3, 3.4 వోల్టులు ఉంటాయి. ఆపైన వాడితే బ్యాటరీ పాడవుతుందని ఫోను తనంతట తాను ఆగిపోతుంది.

కానీ ఆగిపోయిన ఫోను కూడా లోలోపల చుక్కచుక్కగా కరెంటు తాగుతూనే ఉంటుంది. వారాలు, నెలలు గడిచాక అది సుమారు 2.5 వోల్టుల దాకా దిగుతుంది. అక్కడ బ్యాటరీ ప్యాక్‌కి అంటించి ఉండే చిన్న రక్షణ బోర్డు తలుపు మూసేస్తుంది. అప్పుడు బయట నుంచి కొలిస్తే సున్నా వోల్టులే కనబడతాయి. చచ్చినట్టు కనబడటానికి కారణం ఇదే.

ఇలా అడుగంటిన బ్యాటరీలోకి ఒక్కసారిగా కరెంటు పంపడం ప్రమాదం. అందుకే ఫోనులోని చార్జింగ్ చిప్ మొదట చాలా కొద్దిగా, ఇంచుమించు 100 మిల్లీఆంపియర్లు మాత్రమే పంపి బ్యాటరీని 3 వోల్టుల దాకా లేపుతుంది. చాలారోజులు పస్తున్నవాడికి ముందు గంజి పోసినట్టు. ఆ తర్వాతే అసలు భోజనం.

ఇప్పుడు లెక్క చూడండి. 5000 మిల్లీఆంపియర్ అవర్ల బ్యాటరీకి గంటసేపు 100 చొప్పున ఇస్తే చేరేది 100. అంటే రెండు శాతం. తెర వెలిగించి, చార్జింగ్ బొమ్మ చూపించడానికి కావలసింది దాదాపు అంతే. ఆ గంటసేపూ తెర నల్లగానే ఉంటుంది. "65 వాట్ల చార్జరు కదా, అయిదు నిమిషాల్లో లేవాలి కదా" అనుకోకండి. ఫాస్ట్ చార్జింగ్ రావాలంటే ఫోను మేలుకుని చార్జరుతో మాట్లాడాలి. నిద్రలో ఉన్న ఫోనుకి 65 వాట్లదైనా మామూలు 5 వోల్టుల చార్జరే.

## 3. మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవలసినవి

అన్నిటికంటే ముందు ఫోనుని బల్ల మీద వెల్లకిలా పెట్టి పక్క నుంచి చూడండి. వెనక మూత ఉబ్బినా, తెర అంచు లేచినా, గోళ్ళ రంగు వాసనలాంటి తియ్యటి ఘాటు వచ్చినా ఇక్కడితో ఆపేయండి. ఉబ్బిన బ్యాటరీకి చార్జింగ్ పెట్టకూడదు, నొక్కకూడదు, గుచ్చకూడదు. నేరుగా దుకాణానికే.

ఉబ్బు లేకపోతే ఇవి దగ్గర పెట్టుకోండి:

- గోడకి పెట్టే చార్జరు ఒకటి. మరో ఫోనుకి ఎక్కుతోందని ఈరోజే చూసినదై ఉండాలి.
- ఒక చివర పెద్ద యూఎస్‌బీ, ఇంకో చివర మీ ఫోనుకి సరిపడే పిన్ను ఉన్న కేబుల్. ఇలాంటివి రెండు ఉంటే మంచిది.
- చెక్క టూత్‌పిక్, టార్చి.
- దొరికితే, చార్జరుకీ కేబుల్‌కీ మధ్య పెట్టే యూఎస్‌బీ మీటరు. ఎంత వోల్టేజీ, ఎంత కరెంటు వెళ్తోందో అంకెల్లో చూపిస్తుంది. కొన్ని వందల రూపాయల వస్తువు.

కేబుల్ గురించి ఎందుకు పట్టుబడుతున్నానంటే, రెండు చివరలా టైప్-సీ ఉన్న కేబుల్‌లో అవతల ఫోను ఉందని గుర్తించాకే చార్జరు కరెంటు వదులుతుంది. పూర్తిగా పడిపోయిన కొన్ని ఫోన్లు ఆ గుర్తు చూపించలేవు. చార్జరూ బాగుంటుంది, కేబులూ బాగుంటుంది, కరెంటు మాత్రం రాదు. పెద్ద యూఎస్‌బీ ఉన్న పాత చార్జరుకి ఈ పట్టింపు లేదు, 5 వోల్టులు ఎప్పుడూ ఇస్తూనే ఉంటుంది. పాత 1 ఆంపియర్ చార్జరు ఇంట్లో మూల పడి ఉంటే ఈరోజు దాని అవసరం వచ్చింది.

పవర్ బ్యాంకు ఈ పనికి వద్దు. కరెంటు బాగా తక్కువ వెళ్తుంటే, ఫోను నిండిపోయిందనుకుని చాలా పవర్ బ్యాంకులు కాసేపటికి వాటంతటవే ఆగిపోతాయి. మనకి కావలసిందేమో ఆ కొద్ది కరెంటే. గోడ ప్లగ్ లేకపోతే ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నయం.

ఇక మన పల్లెల్లో ఓల్టేజీ తక్కువ అన్న మాట. రాత్రిపూట ఫ్యాను నెమ్మదిగా తిరుగుతున్నా చార్జరుకి ఇబ్బంది లేదు. దాని మీద 100 నుంచి 240 వోల్టుల దాకా అని రాసి ఉంటుంది, చదివి చూసుకోండి.

## 4. మొదటి గంట: పెట్టి వదిలేయండి

1. టార్చి వేసి చార్జింగ్ రంధ్రంలోకి చూడండి. జేబులో తిరిగిన ఫోనులో నూలుపోగులు అడుగున గడ్డకట్టి ఉంటాయి. పిన్ను పూర్తిగా లోపలికి దిగకపోవడానికి ఇదే కారణం. టూత్‌పిక్‌తో మెల్లగా బయటికి లాగండి. పిన్నీసు, సూది వద్దు. లోపలి పలుచని కాంటాక్టులు వంగితే కొత్త ఖర్చు మొదలవుతుంది.
2. ఫోను వేడిగా ఉంటే నీడలో అరగంట చల్లారనివ్వండి. రేకుల ఇంట్లో అటక మీదో, ఆటో అద్దం దగ్గరో ఉన్న ఫోను బ్యాటరీ సుమారు 45 డిగ్రీలు దాటి ఉంటే చార్జింగ్ చిప్ కరెంటు తీసుకోదు. ఫ్రిజ్‌లో పెట్టకండి, లోపల చెమ్మ పడుతుంది.
3. కవరు తీసేసి, గట్టి నేల మీదో బల్ల మీదో పెట్టి చార్జరు తగిలించండి. పరుపు మీద వద్దు.
4. టైము రాసుకోండి. ఇక ముట్టుకోకండి.

ఎంతసేపు అన్నది, ఫోను ఎన్నాళ్ళు పడి ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. నేను పెట్టుకున్న లెక్క ఇది:

- నిన్న రాత్రి ఆగిపోయినది: 15 నుంచి 30 నిమిషాలు.
- వారం, రెండు వారాలు పడి ఉన్నది: గంట దాకా.
- నెలల తరబడి పెట్టెలో ఉన్నది: రెండు నుంచి నాలుగు గంటలు, మధ్యలో గంటకోసారి తీసి పెడుతూ.

ఈ తీసి పెట్టడం చాలామందికి తెలియదు. చాలా చార్జింగ్ చిప్‌లలో ఆ మొదటి చిన్న కరెంటుకి ఒక గడువు ఉంటుంది. ఆ గడువులోగా బ్యాటరీ లేవకపోతే, ఏదో తేడా ఉందని చిప్ చార్జింగ్ ఆపేస్తుంది. ప్లగ్ మాత్రం అలాగే ఉంటుంది. మీరు రాత్రంతా వదిలేసినా లోపలికి ఏమీ వెళ్ళదు. కేబుల్ ఫోను నుంచి లాగి, ఒక నిమిషం ఆగి, మళ్ళీ పెడితే గడువు మొదటి నుంచి మొదలవుతుంది. అందుకే గంటకోసారి తీసి పెట్టండి. అంతకంటే తరచుగా వద్దు.

పడుకునే ముందు ఈ పని మొదలుపెట్టకండి. అడుగంటిన బ్యాటరీ మొదటిసారి ఎక్కుతున్నప్పుడు మనిషి దగ్గరుండాలి. పావుగంటకోసారి ఫోను వీపు మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత వేడైతే వెంటనే తీసేయండి.

## 5. మీటరు ఉంటే సగం రోగం తెలిసిపోతుంది

మీటరు లేకుండా చేసేదంతా చీకట్లో తడుముకోవడమే. ఊళ్ళో ఒకరి దగ్గర ఉన్నా చాలు, అడిగి తెచ్చుకోండి. వోల్టుల అంకె 5 దగ్గర ఉండాలి. చూడాల్సింది ఆంపియర్ల అంకె.

పావుగంట దాకా 0.00 నుంచి కదలలేదు. కరెంటు లోపలికి వెళ్ళడం లేదు. చవక మీటర్లు మరీ చిన్న కరెంటుని చూపించలేవు కాబట్టి వెంటనే తీర్మానించకండి. కేబుల్ మార్చండి, రెండు వైపులా పట్టే పిన్నైతే తిప్పి పెట్టండి, రంధ్రం మళ్ళీ చూడండి. రెండు కేబుళ్ళతోనూ గంట తర్వాత అదే సున్నా అయితే చార్జింగ్ పిన్నో, దాని బోర్డో పోయి ఉండాలి, లేదా బ్యాటరీ రక్షణ బోర్డు తలుపు తెరవనంటోంది. కొన్ని బ్యాటరీలు మరీ అడుక్కి వెళ్తే మళ్ళీ చార్జింగ్ తీసుకోకుండానే తయారుచేస్తారు. అది లోపం కాదు, జాగ్రత్త.

0.03 నుంచి 0.20 మధ్య నిలకడగా ఉంది. మంచి వార్త. గంజి లోపలికి వెళ్తోంది. తెర నల్లగా ఉన్నా కంగారు పడకుండా వదిలేయండి.

కాసేపు పెరిగి, సున్నాకి పడి, మళ్ళీ పెరుగుతోంది. తెర మీద కంపెనీ గుర్తు వచ్చి పోతూ ఉండొచ్చు. ఫోను లేవబోతోంది, లేవడానికి కావలసినంత బ్యాటరీలో లేక పడిపోతోంది. పడ్డ ప్రతిసారీ ఎక్కింది కాస్తా ఖర్చయిపోతుంది. బటన్లు ముట్టుకోకండి. కాస్త ఎక్కువ కరెంటు ఇచ్చే 2 ఆంపియర్ల చార్జరు ఉంటే దానికి మార్చి అరగంట ఆగండి.

0.5 లేదా అంతకంటే ఎక్కువ నిలకడగా ఉంది, తెర మాత్రం నల్లగానే. బ్యాటరీ బాగానే తాగుతోంది. అయితే ఫోను సాఫ్ట్‌వేర్ బిగుసుకుపోయింది, లేకపోతే తెర పోయింది. ఒక పావుగంట ఎక్కనిచ్చి ఆరో మెట్టుకి వెళ్ళండి.

## 6. బటన్లతో బలవంతంగా రీస్టార్టు

ఇది మొదటి మందు కాదు. కనీసం అరగంట చార్జింగ్ అయ్యాకే, కేబుల్ తగిలి ఉండగానే చేయండి.

- చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో: పవర్ బటన్, సౌండ్ తగ్గించే బటన్ రెండూ కలిపి 15, 20 సెకన్లు నొక్కి పట్టుకోండి. కొన్నిటిలో పవర్ బటన్ ఒక్కటే 30 సెకన్లు. వణికినా, గుర్తు కనబడినా వదిలేయండి.
- ఐఫోన్ 8, ఆ తర్వాతవి: సౌండ్ పెంచే బటన్ ఒకసారి నొక్కి వదలండి, తగ్గించేది ఒకసారి నొక్కి వదలండి, వెంటనే పక్క బటన్ ఆపిల్ గుర్తు వచ్చేదాకా పట్టుకోండి.
- ఐఫోన్ 7: సౌండ్ తగ్గించేది, పక్క బటన్ కలిపి పట్టుకోండి.

ఆండ్రాయిడ్‌లో అనుకోకుండా నల్లటి తెర మీద ఇంగ్లీషు అక్షరాల జాబితా వచ్చిందంటే, అది రికవరీ మెనూ. ఫోను బతికి ఉందని దానర్థం, సంతోషించండి. సౌండ్ బటన్లతో `Reboot system now` దగ్గరికి వెళ్ళి పవర్ నొక్కండి. `Wipe data/factory reset` అన్నదాని జోలికి మాత్రం పోకండి. ఫోటోలన్నీ పోతాయి, రోగానికి దానితో సంబంధమే లేదు.

ఒకసారి చేసి ఫలితం లేకపోతే మరో గంట చార్జింగ్ తర్వాతే రెండోసారి.

## 7. మా మావ ఫోను: ఒక మధ్యాహ్నం లెక్క

సోంపేట దగ్గర తీరంలో ఉండే మా మావ ఆగస్టులో వేరావల్ వెళ్తూ, చేతిలో కీప్యాడ్ ఫోను పెట్టుకుని, స్మార్ట్ ఫోను అత్తకిచ్చి వెళ్ళాడు. అత్త దాన్ని చీరల కింద భద్రంగా పెట్టింది. మేలో మావ వచ్చేసరికి అది రాయి. పట్నంలో ఒక దుకాణంలో చూపిస్తే పది నిమిషాలు చార్జింగ్ పెట్టి, ఫోను మెయిన్ బోర్డు పోయిందన్నారట.

"ఏటిరా అల్లుడూ, కొత్తది కొనాలేటి?" అని మావ నా దగ్గరికి తెచ్చాడు.

ఉబ్బు లేదు. బ్యాటరీ 5000ది. రంధ్రంలోంచి కొద్దిగా నూలు వచ్చింది. మావ తెచ్చింది రెండు చివరలా టైప్-సీ ఉన్న కేబుల్. దాన్ని పక్కన పెట్టి పాత 1 ఆంపియర్ చార్జరు, మీటరు తగిలించాను.

పదకొండు గంటలకి మొదలు. మీటరులో 0.00. మూడు నాలుగు నిమిషాలకి 0.05 అయింది. రక్షణ బోర్డు తలుపు తెరిచిందన్నమాట. పదకొండున్నరకి 0.09. ఈలోగా మావ రెండుసార్లు పవర్ బటన్ నొక్కబోయాడు, చెయ్యి పట్టుకుని ఆపాను.

పన్నెండుకి చూస్తే మళ్ళీ 0.00. మావ మొహం వాడిపోయింది. గడువు ముగిసి చిప్ ఆపేసిందని నాకు అర్థమైంది. కేబుల్ తీసి నిమిషం ఆగి పెట్టాను. 0.10 వచ్చింది.

పన్నెండూ నలభైకి అంకె గబుక్కున 0.60కి ఎగిరింది. తెర ఇంకా నల్లగానే ఉంది. రెండు నిమిషాలకి ఖాళీ బ్యాటరీ బొమ్మ కనబడింది. అప్పుడు కూడా ఆన్ చేయనివ్వలేదు. ఇక్కడే చాలామంది తొందరపడి ఒక శాతంలో ఆన్ చేసి మళ్ళీ పడగొడతారు. భోజనాలయ్యాక, రెండు గంటలకి, పది శాతం దాటాక ఆన్ చేశాం. మనవరాలి ఫోటోలన్నీ ఉన్నాయి.

దుకాణం వాళ్ళు అబద్ధం చెప్పారని నేననను. పది నిమిషాల్లో ఆ ఫోను అలాగే కనబడుతుంది.

## 8. పని చెడగొట్టే అలవాట్లు

అయిదు నిమిషాలకో చార్జరు మార్చడం అన్నిటికంటే ఎక్కువ చూస్తాను. ప్రతి మార్పుకీ చిప్ మొదటి నుంచి మొదలుపెడుతుంది. ఇంట్లో ఉన్న నాలుగు చార్జర్లూ అరగంటలో తిప్పితే ఫోనుకి ఒక్కటీ పెట్టనట్టే.

రెండోది, బటన్ పదేపదే నొక్కడం. ఎక్కిన ఆ కొద్దిపాటి కరెంటు లేవబోయే ప్రయత్నానికే పోతుంది.

మూడోది ప్రమాదం. బ్యాటరీ విప్పి 9 వోల్టుల బ్యాటరీతోనో, బైకు బ్యాటరీతోనో తీగలు తగిలించి "షాక్" ఇవ్వమని వీడియోల్లో చెబుతారు. మరీ కిందకి దిగిన లిథియం సెల్‌లో లోపలి రాగి కరిగి, తర్వాత చార్జింగ్‌లో లోపలే షార్టు అయ్యే అవకాశం ఉంది. చిప్ కొద్దికొద్దిగా ఎందుకు ఎక్కిస్తుందో, అసలు ఎందుకు నిరాకరిస్తుందో దాని కారణం ఇదే. ఆ కాపలాని దాటించి ఇంట్లో ఇలా చేయకండి.

## 9. ఎప్పుడు వదిలి దుకాణానికి వెళ్ళాలి

నాలుగు గంటలు, మూడు సార్లు తీసి పెట్టడం, రెండు కేబుళ్ళు, ఒక బలవంతపు రీస్టార్టు. ఇవన్నీ అయినా ఏమీ లేకపోతే ఇంట్లో చేయగలిగింది అయిపోయింది.

- సిమ్ తీసి వేరే ఫోనులో వేయండి. ఓటీపీలు, ఫోన్‌పే ఆగిపోకుండా ఉంటాయి. సిమ్ ట్రే పిన్ను మైకు రంధ్రంలో గుచ్చకండి. ట్రే రంధ్రం ట్రే గీత లోపలే ఉంటుంది.
- మెమరీ కార్డు ఉంటే తీసి దాచుకోండి.
- ఎన్నాళ్ళు పడి ఉందో, ఎంతసేపు చార్జింగ్ పెట్టారో, మీటరులో ఏం కనబడిందో కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి.

దుకాణంలో అడగాల్సిన మాట ఇది: "బ్యాటరీ తీసేసి డీసీ సప్లయితో ఒకసారి ఆన్ చేసి చూడండి." బ్యాటరీ బదులు బయటి నుంచి కరెంటు ఇచ్చి ఆన్ చేస్తే, ఫోను లేచిందంటే మెయిన్ బోర్డు చాలావరకు బాగున్నట్టే. చాలాసార్లు బ్యాటరీయో, చార్జింగ్ పిన్నో మారిస్తే సరిపోతుంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల దగ్గరైనా, విజయనగరంలోనైనా బోర్డు పని చేసే ఏ మెకానిక్ దగ్గరైనా ఈ సప్లయి ఉంటుంది. అది లేకుండానే బోర్డు పోయిందంటే ఇంకో చోట చూపించండి.

బ్యాటరీ మార్చడానికి మీ లాక్ నంబరు అక్కర్లేదు, రీసెట్ అంతకంటే అక్కర్లేదు. ఆన్ అయ్యాక లాక్ మీరే తీసి చూపించండి.

## 10. లేచింది సరే, తర్వాత?

మొదటిసారి 100 శాతం దాకా మీ కళ్ళ ముందే ఎక్కనివ్వండి. అవసరమైన ఫోటోలు, నంబర్లు ఆరోజే వేరే చోటికి మార్చుకోండి. ఆ తర్వాత మూడు రోజులు చూడాల్సినవి రెండే. ఒకటి, రాత్రి వాడకుండా పెడితే పొద్దుటికి పది శాతం కంటే బాగా ఎక్కువ తగ్గుతోందా. రెండు, 30, 40 శాతంలో ఉండగా ఉన్నట్టుండి ఆగిపోతోందా. ఏది ఉన్నా బ్యాటరీ దెబ్బతింది, మార్చేయండి. వీపు ఉబ్బుతుందేమో కూడా నెల దాకా ఓ కన్నేసి ఉంచండి.

మావ ఫోను రాత్రికి ఇరవై శాతం దిగుతోంది. వచ్చే ఆగస్టులోగా బ్యాటరీ మార్పిస్తానన్నాడు. ఈసారి వెళ్ళేముందు సగం చార్జింగ్ ఉంచి స్విచాఫ్ చేయమని, రెండు మూడు నెలలకోసారి తీసి మళ్ళీ సగం దాకా ఎక్కించమని అత్తకి చెప్పాను. దీపావళికి ఒకసారి, సంక్రాంతికి ఒకసారి, ఉగాదికి ఒకసారి అని ఆవిడే లెక్క పెట్టుకుంది.